బరువు ఒకటే, వించ్ చోటే మారింది

గోడ నుంచి బయటికి చాచిన ఇనుప దూలం, దాని చివర గిలక, దూలాన్ని కింది నుంచి ఏటవాలుగా నిలబెట్టే ఊత. బరువులు పైకెత్తడానికి ఇలాంటి ఏర్పాటు చాలాచోట్ల కనిపిస్తుంది. ఇందులో దూలాన్ని గోడకు పట్టి ఉంచే పిన్ను మీద ఎంత బలం పడుతుంది? ఏ వైపు పడుతుంది?

దూలం పొడవు 3 మీటర్లు అనుకుందాం. గోడ నుంచి 2 మీటర్ల దూరంలో ఊత తగులుతుంది. ఊత కింది కొస గోడ మీద, పిన్నుకు 2 మీటర్ల కింద ఉంది. బరువు 1000 న్యూటన్లు, అంటే సుమారు 100 కిలోలు. దాన్ని మోసే కేబుల్ గిలక మీదుగా తిరిగి, దూలానికి సమాంతరంగా వెనక్కి వచ్చి, గోడకు బిగించిన వించ్‌కు చుట్టుకుంటుంది.

ఊతకు రెండు కొసల్లోనే బలం తగులుతుంది. దాని సొంత బరువును వదిలేస్తే, ఆ బలం ఊత పొడవు వెంబడే ఉండాలి. దూలం సంగతి వేరు. గోడ దగ్గర, ఊత దగ్గర, గిలక దగ్గర మూడు చోట్ల దాన్ని బలాలు పట్టుకున్నాయి. గోడ పిన్ను బలం కూడా దూలం వెంబడే ఉంటుందనుకుంటే లెక్క అక్కడే తప్పుతుంది. అందుకే దాన్ని అడ్డం, నిలువు అని రెండు భాగాలుగా విడిగా కనుక్కోవాలి.

గిలకలో రాపిడి లేకపోతే కేబుల్ బిగువు రెండు వైపులా 1000 న్యూటన్లే. కాబట్టి గిలక పిన్ను దూలాన్ని కిందికి 1000, గోడ వైపు 1000 న్యూటన్లతో లాగుతుంది.

ఇప్పుడు గోడ పిన్ను చుట్టూ తిప్పే ప్రభావం చూద్దాం. కిందికి లాగే బలం 3 మీటర్ల దూరంలో ఉంది కనుక 3000 న్యూటన్ మీటర్లు. అడ్డంగా లాగే బలం గీత నేరుగా పిన్ను మీదుగానే పోతుంది, అది తిప్పదు. ఊత 2 మీటర్ల దగ్గర దీన్ని ఆపాలంటే పైకి 1500 న్యూటన్లతో నెట్టాలి. ఊత వాలు 45 డిగ్రీలు కాబట్టి అడ్డంగా కూడా, గోడకు దూరంగా, 1500 నెడుతుంది.

ఇక మిగిలిన లెక్క తేలికే. ఊత పైకి 1500 నెడుతుంటే బరువు కిందికి 1000 మాత్రమే లాగుతోంది. మిగిలిన 500ను గోడ పిన్ను కిందికి లాగి సరిచేయాలి. పిన్ను దూలాన్ని మోస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ కొస పైకి లేవకుండా అదిమి పడుతోంది. అడ్డంగా కూడా 1500లోంచి కేబుల్ లాగే 1000 పోగా, గోడ వైపు పట్టి ఉంచాల్సింది 500.

ఇప్పుడు వించ్‌ను గోడ మీంచి తీసి దూలం మీదే బిగించండి. దాని బరువును పక్కనపెడదాం. కేబుల్ అడ్డపు లాగుడు దూలంలోనే మొదలై దూలంలోనే ముగుస్తుంది, గోడకు సాయం చేయదు. బయటి నుంచి మిగిలింది వేలాడే బరువొక్కటే. గిలక వ్యాసార్థం 10 సెంటీమీటర్లయితే ఆ బరువు 3.1 మీటర్ల దూరంలో ఉన్నట్టు. ఊత రెండు వైపులా 1550 చొప్పున నెడుతుంది. గోడ పిన్ను కిందికి 550, గోడ వైపు 1550 న్యూటన్లు పట్టాలి. బరువు అదే అయినా గోడలోంచి పిన్నును పెరికే బలం మూడింతలు దాటింది.

ఇదంతా బరువు కదలకుండా ఉన్నప్పటి లెక్క. వించ్ కుదుపుతో మొదలైతే కేబుల్ బిగువు 1000 దాటుతుంది, పిన్ను మీది బలమూ పెరుగుతుంది. కాబట్టి వించ్ చోటు మార్చేటప్పుడు ముందు చూడాల్సింది కేబుల్‌ను కాదు, దూలం మొదట్లోని గోడ బోల్టులను. ఆ ప్లేటుకూ గోడకూ మధ్య సందు కనిపిస్తే బరువు దించేయాలి.