డ్యూటీ తొమ్మిదిన్నరకు అయిపోతుంది, ఇల్లు ఎన్నింటికి?

హైదరాబాద్‌లో కూకట్‌పల్లి మెయిన్ రోడ్డు మీద ఒక బట్టల షోరూమ్ ఉందనుకుందాం. షట్టర్ రాత్రి 9:30కి దిగుతుంది. గోడకు అంటించిన డ్యూటీ చార్టులోనూ సాయంత్రం షిఫ్టు 9:30కే ముగుస్తుంది. అక్కడ పనిచేసే అమ్మాయి మాత్రం రోడ్డు మీదికి వచ్చేది 10:20కి. ఈ యాభై నిమిషాలు చార్టులో ఎక్కడా కనిపించవు. రాత్రి ప్రయాణంలో వచ్చే ఇబ్బందులు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

ఆ యాభై నిమిషాలు ఎటు పోతాయో చూడండి. షట్టర్ సగం దించినా, లోపలున్న కొనుగోలుదారులు బిల్లు కట్టి వెళ్లేసరికి 9:45 అవుతుంది. అప్పటికి కౌంటర్ల మీద విప్పిన చీరలు గుట్టలుగా పడి ఉంటాయి. వాటిని మడతపెట్టి, కవర్లలో పెట్టి, ర్యాకుల్లో సర్దడానికి మరో పాతిక నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత స్టాఫ్ గేటు దగ్గర బ్యాగుల తనిఖీ. పదహారు మందికి ఒకే సెక్యూరిటీ గార్డు, మనిషికి అర నిమిషం. చివర నిలబడ్డ వారు ఇంకో ఎనిమిది నిమిషాలు ఆగాలి.

మెట్రో ఉంది కదా అంటారు. ఉంది. చివరి స్టేషన్ల నుంచి ఆఖరి రైలు రాత్రి 11 గంటలకు బయల్దేరుతుంది. 10:30 రైలు అందుకున్నా ఎల్.బి.నగర్‌లో దిగేసరికి 11:15 అవుతుంది. అక్కడి నుంచి హయత్‌నగర్ దాటి వెళ్లాల్సిన వారికి ఆ వేళ బస్సు దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఖాళీ రోడ్డు మీద షేర్ ఆటో కోసం నిలబడే పది నిమిషాలే ప్రయాణం మొత్తంలో అన్నిటికన్నా ప్రమాదకరం. అందుకే స్టేషన్ దాకా దారి చూపిస్తే సరిపోదు, లెక్క ఇంటి గుమ్మం దాకా సాగాలి.

చట్టం కూడా ఇందులో తలదూర్చింది. ఉభయ తెలుగు రాష్ట్రాల చట్టాలకూ మూలమైన 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం మహిళలను రాత్రి 8:30 తర్వాత పనిలో ఉంచకూడదంది. తర్వాత ప్రభుత్వాలు షరతులతో సడలింపులు ఇస్తూ వచ్చాయి. ఆ షరతుల్లో రవాణా ఏర్పాటు ముఖ్యమైనది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కేంద్ర వృత్తి భద్రత కోడ్ కూడా రాత్రి 7 దాటాక పని చేయించాలంటే ఆ మహిళ సమ్మతి, తగిన భద్రత ఉండాలంటుంది. యాజమాన్యాలు దీన్ని ‘క్యాబ్ పెడితే చాలు’ అని అర్థం చేసుకుంటాయి. క్యాబ్ పెట్టడం తేలికే. దానికి సరిపడేలా డ్యూటీలు వేయడమే కష్టం.

మన షోరూమ్‌లో సాయంత్రం పదహారు మంది ఉంటారు. క్లోజింగ్ పనికి ఎనిమిది మంది కావాలని ఫ్లోర్ మేనేజర్ లెక్క. డ్రైవరు కాక నలుగురు పట్టే కార్లు రెండు మాట్లాడితే సరిగ్గా సరిపోతుందనిపిస్తుంది. ఆ ఎనిమిది మంది ఎనిమిది దిక్కుల వారైతే మాత్రం, నాలుగో మనిషి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి అవుతుంది. కాబట్టి క్లోజింగ్‌కు ఎవరిని వేయాలో సీనియారిటీని బట్టి కాక, దారిని బట్టి తేల్చాలి. ఒక కారు మియాపూర్, చందానగర్, బీరంగూడ, పటాన్‌చెరు వైపు. రెండోది నిజాంపేట, బాచుపల్లి వైపు. ఎల్.బి.నగర్ వైపు వారు ఆ వారం 9 గంటలకే వెళ్లిపోయే బ్యాచిలో ఉంటారు.

ఇక్కడ ఇంకో నియమం అడ్డొస్తుంది. క్యాబ్‌లో ఆఖరున దిగేది ఒంటరి మహిళ కాకూడదు. పటాన్‌చెరులో ఉండే సేల్స్‌మన్ ఒకరు ఉన్నారు కాబట్టి మొదటి కారుకు చిక్కు లేదు. 10:20కి బయల్దేరితే మియాపూర్ 10:35, చందానగర్ 10:45, బీరంగూడ 11:00. అక్కడితో మహిళలు ముగ్గురూ దిగిపోతారు, అతను 11:10కి ఇల్లు చేరతాడు. బాచుపల్లి వైపు మగవాళ్లెవరూ లేరు. అప్పుడు గార్డును ఎక్కించాలి, అంటే ఒక సీటు పోతుంది. రెండు కార్లలో కలిపి ఇక ఏడుగురికే చోటు. ఆ సేల్స్‌మన్ వారపు సెలవులో ఉన్న రోజు మొదటి కారులోనూ గార్డే, ఆ రాత్రి ఆరుగురే.

ఎనిమిది మంది పని ఏడుగురితో ఎలా? చాలా చోట్ల ఇక్కడే తప్పు చేస్తారు. ఎనిమిదో అమ్మాయిని ‘ఈ ఒక్కరోజు సర్దుకో’ అంటారు, లేదా ‘కారు మళ్లీ వస్తుంది’ అంటారు. పటాన్‌చెరు వెళ్లిన కారు తిరిగొచ్చేసరికి 11:45 అవుతుంది. రెండో ట్రిప్పు కాగితం మీద చవక, మనిషికి చాలా ఖరీదు. దానికన్నా పనినే ముందుకు జరపడం మేలు. పై అంతస్తులో పట్టు విభాగం 8:45కే కొత్త చీరలు విప్పడం ఆపి, మడతలు మొదలుపెడితే, 9 గంటలకు వెళ్లే బ్యాచి సగం సర్ది వెళ్తుంది. బ్యాగుల తనిఖీ రెండు విడతలవుతుంది, క్యూ తగ్గుతుంది. ఏడుగురితోనే 10:10కి కారు కదులుతుంది. చివరి ముప్పావుగంటలో ఒకటి రెండు అమ్మకాలు పోవచ్చు. పోనివ్వండి అనే నేనంటాను.

ఇంత జాగ్రత్తగా వేసిన చార్టును చెడగొట్టేది డ్యూటీల మార్పిడి. మియాపూర్ అమ్మాయి తన క్లోజింగ్‌ను ఎల్.బి.నగర్ అమ్మాయితో మార్చుకుంటే కారు దారే మారిపోతుంది. అందుకే మార్పిడి ఒకే దారి వారి మధ్యే జరగాలి. కారు దారిలో ఉన్నందుకు ప్రతివారం ఆ ఏడుగురినే క్లోజింగ్‌కు వేయడం కూడా అన్యాయమే. వారాల వారీగా దారులు మార్చి, రెండు దిక్కుల కార్లను వేరే దిక్కులకు తిప్పాలి. రాత్రి 11 దాటి ఇల్లు చేరిన మనిషిని మర్నాడు పొద్దున షట్టర్ తీయడానికి పిలవకూడదు.

దసరాకు, శ్రావణ మాసానికి, పెళ్లి ముహూర్తాలకు షట్టర్ 10:30కి మారుతుంది. కారు ఏర్పాటు మాత్రం పాత టైముకే ఉండిపోతుంది. లోపల కొనుగోలుదారు, బయట హారన్ కొడుతున్న డ్రైవరు. షట్టర్ టైము మార్చే నిర్ణయం, కారు టైము మార్చే ఫోను ఒకే మనిషి చేతిలో ఉంటే ఈ గొడవ రాదు.

డ్రైవరు మారినప్పుడూ అంతే జాగ్రత్త కావాలి. 2005 డిసెంబరులో బెంగళూరులో ఒక కాల్ సెంటర్ ఉద్యోగిని, రోజూ వచ్చే డ్రైవరుకు బదులు వచ్చానన్న మనిషి కారెక్కి హత్యకు గురైంది. బండి నంబరు, డ్రైవరు పేరు ముందే ఫోనుకు రావాలి. గేటు దగ్గర గార్డు వాటిని సరిచూసి రిజిస్టరులో రాయాలి. పేరు మారితే ఆఫీసు నుంచి ఫోను వచ్చేదాకా ఎవరూ ఎక్కకూడదు.

ఏర్పాటు సరిగ్గా నడుస్తోందో లేదో తెలుసుకోవడానికి రెండు వారాలు మూడు టైములు రాస్తే చాలు: వేలిముద్ర మిషన్లో బయటికి వచ్చిన టైము, కారు కదిలిన టైము, చివరి మనిషి ఇల్లు చేరిన టైము. షిఫ్టు ముగింపుకూ వేలిముద్రకూ మధ్య ఎడం ఎక్కువుంటే పని పంపకంలో లోపం. వేలిముద్రకూ కారు కదలడానికీ మధ్య ఎడముంటే కారు ఆలస్యం, ఆ నిరీక్షణకు జీతమూ ఉండదు. కారు కదిలాక ఆలస్యమైతే దారులు కలిపిన తీరు తప్పు. కారు ఉండగానే కొందరు బైక్ ట్యాక్సీ ఎక్కి వెళ్లిపోతున్నారంటే, ఆ కారు కోసం వాళ్లు చాలాసేపు ఎదురుచూసి విసిగిపోయారన్నమాట.

సాయంత్రం షిఫ్టు ఉద్యోగానికి వెళ్తున్న వారు డ్యూటీ ఎన్నింటికి అయిపోతుందని అడిగి ఊరుకోవద్దు. కారు ఎన్నింటికి కదులుతుంది, అందులో నేను ఎన్నోదాన్ని దిగుతాను అని అడగండి.