గడిలో ##### కనిపిస్తే లెక్క తప్పినట్టేనా?

ఎక్సెల్‌లో హాజరు, జీతం లెక్క రాస్తుంటే గడి నిండా ##### వస్తుంది. చాలాసార్లు అది తప్పు కాదు. గడి ఇరుకై అంకె గానీ తేదీ గానీ పట్టలేదు, అంతే. లోపల విలువ భద్రంగా ఉంటుంది, టోటల్ కూడా సరిగ్గానే వస్తుంది. పైన కాలమ్ అక్షరాల మధ్య గీతపై రెండుసార్లు క్లిక్ చేస్తే అంకె బయటపడుతుంది.

అసలు తప్పుకు పేరుంటుంది. సున్నాతో భాగిస్తే #DIV/0!, లెక్కకు ఆధారమైన గడిని డిలీట్ చేస్తే #REF! అని వస్తుంది. ఇవి టోటల్‌నూ పాడుచేస్తాయి.

ఎంత వెడల్పు చేసినా ##### పోకపోతే మాత్రం జాగ్రత్త. జోగిపేట నుంచి పటాన్‌చెరు వెళ్లే కార్మికుడి నైట్ షిఫ్టు రాత్రి 10కి (A2) మొదలై పొద్దున 6కి (B2) అయిపోయిందనుకోండి. B2లోంచి A2 తీసేస్తే మైనస్ 16 గంటలు వస్తుంది. మైనస్ టైంను ఎక్సెల్ మామూలుగా చూపించదు, కానీ టోటల్‌లో కలిపేస్తుంది. అయిదు పగటి షిఫ్టుల 40 గంటలకు ఈ 8 కలిసి 48 కావాల్సింది 24 అవుతుంది. అంటే సగం కూలి పోయినట్టే. గంటల గడిలో ఈ ఫార్ములా పెడితే 8 గంటలే వస్తుంది:

```
=MOD(B2-A2,1)
```