ఇంగ్లీషు విన్న చెవితో మిష్టెక్ గీతలు

మెక్సికోలోని గెర్రెరో రాష్ట్రంలో, యొలొషోచిత్ల్ ప్రాంతంలో మాట్లాడే మిష్టెక్ భాషకు ఇంగ్లీషుతో ఏ చుట్టరికమూ లేదు. అక్కడ ఒకే మాటను గొంతు హెచ్చించి పలికితే ఒక అర్థం, దించి పలికితే ఇంకో అర్థం. ఆ భాష రికార్డింగులను క్రిస్టియన్ డికానియో, ఆయన సహచరులు రెండు కంప్యూటర్ ప్రోగ్రాములకు అప్పగించారు. ఏ శబ్దం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గీతలు పెట్టడం వాటి పని. ఆ రెండూ అప్పటిదాకా విన్నది ఇంగ్లీషు ఒక్కటే. ఫలితాలు 2013లో అమెరికన్ అకూస్టికల్ సొసైటీ జర్నల్‌లో వచ్చాయి. మనుషులు పెట్టిన గీతకు 30 మిల్లీసెకన్ల లోపు పడ్డవి ఒకదానిలో 70.9 శాతం, రెండోదానిలో 65.7 శాతం.

వినడానికి మంచి మార్కులే. అయితే మిగిలిన ముప్పై శాతం ఎక్కడ తప్పింది, ఎటువైపు తప్పింది అన్నదే అసలు సంగతి.

ఈ పద్ధతిని ఫోర్స్‌డ్ అలైన్‌మెంట్ అంటారు. ఏం మాట్లాడారో ముందే రాసి ఇస్తారు కాబట్టి మాటలను పోల్చుకునే పని ప్రోగ్రాముకు లేదు. రాతలోని ప్రతి శబ్దానికీ రికార్డింగులో చోటు చూపిస్తే చాలు. అందుకు మూడు కావాలి: మాటల రాత, ఒక్కో మాట ఎలా పలుకుతారో చెప్పే ఉచ్చారణ నిఘంటువు, ఒక్కో శబ్దం ఎలా వినిపిస్తుందో నేర్చుకున్న మోడల్. ప్రోగ్రాము రికార్డింగును 10 మిల్లీసెకన్ల ముక్కలుగా చూస్తుంది. ‘గది’ అన్న మాట 400 మిల్లీసెకన్లు పడితే, 40 ముక్కలను గ్, అ, ద్, ఇ అనే నాలుగు శబ్దాలకు అదే వరుసలో పంచాలి. ఒకదాన్ని దాటేయకూడదు, వెనక్కి రాకూడదు. సాధ్యమైన పంపకాలన్నిటిలో మోడల్‌కు ఎక్కువ నమ్మకంగా తోచినదే జవాబు.

పేరులోని ‘ఫోర్స్‌డ్’ ఈ బలవంతం గురించే. రాతలో ఉన్న మాట రికార్డింగులో లేకపోయినా ప్రోగ్రాము దానికి చోటు చూపించి తీరుతుంది. మాట్లాడేవాళ్లు తడబడి ఒకే మాట రెండుసార్లు అంటే, రాసినవాళ్లు మర్యాదకొద్దీ ఒక్కసారే రాస్తే, మిగిలిపోయిన ధ్వనిని పక్క శబ్దాలు పంచుకుంటాయి. పల్లెల్లో కథలు చెప్పించుకుని చేసిన రికార్డింగుల్లో ఇది మామూలే. ఈ తప్పు పెద్దది కాబట్టి కంటికి ఆనుతుంది. ఒక అచ్చు సెకను పొడవునా సాగి కనిపిస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది.

చిన్నగా, ప్రతిసారీ ఒకే వైపు జరిగే తప్పులతోనే చిక్కు. ఇంగ్లీషువాళ్లు మాట మొదట ప, త, క పలికితే వెంట గాలి బుస్సుమంటుంది. పెదవులు విడిన తర్వాత అచ్చు మోగడానికి 60 మిల్లీసెకన్ల దాకా పట్టవచ్చు. మిష్టెక్‌లో ఆ గాలి ఉండదు. తెలుగు ‘పాట’లోనూ అంతే, పెదవులు విడిన వెంటనే ‘ఆ’ మోగుతుంది. ఇంగ్లీషు మోడల్ దృష్టిలో మాత్రం ఆ గాలి కూడా ‘ప’లో భాగమే. దాని కోసం వెతికి, దొరక్క, అచ్చు మొదటి ముక్కలను ‘ప’ ఖాతాలో వేసుకునే ప్రమాదం ఉంది. 90 మిల్లీసెకన్ల అచ్చు 70గా నమోదైందనుకుందాం. పరిశోధకుడు ‘ప’ తర్వాతి అచ్చులను ‘మ’ తర్వాతి అచ్చులతో పోల్చి, మొదటివి 20 మిల్లీసెకన్లు పొట్టివని తేలుస్తాడు. ఆ తేడా మాట్లాడేవాళ్ల నోట్లో లేదు, మోడల్‌లో ఉంది. పైగా 20 మిల్లీసెకన్ల తప్పు 30లోపే కాబట్టి, పై శాతాల లెక్కలో ఆ గీత సరైనదిగానే చెల్లిపోతుంది.

రెండు ప్రోగ్రాముల మధ్య తేడాకు కూడా కారణం ఇలాంటిదే. తక్కువ మార్కులు వచ్చిన పీటూఎఫ్‌ఏ అమెరికా సుప్రీంకోర్టు వాదనలు విని నేర్చుకుంది. రెండోదైన హెచ్‌ఎంఅలైన్‌కు 630 మంది అమెరికన్లు తలా పది వాక్యాలు చదివిన టిమిట్ రికార్డింగులు ఆధారం. టిమిట్‌లో నోరు మూసుకున్న క్షణానికి ఒక గుర్తు, విడిన క్షణానికి వేరే గుర్తు ఉన్నాయి. ఒకే హల్లుకు ఇన్ని రూపాలు తెలిసి ఉండటం మిష్టెక్ హల్లుల దగ్గర అక్కరకొచ్చిందని ఆ పరిశోధన తేల్చింది.

మిష్టెక్‌లో మరో శబ్దం ఉంది. మనం కాదనడానికి ‘ఊఁ-ఊఁ’ అన్నప్పుడు నడుమ గొంతు టక్కున బిగుస్తుందే, అది అక్కడ మాటలో భాగం. ఇంగ్లీషు ఉచ్చారణ నిఘంటువులో దానికి గుర్తు లేదు కాబట్టి దగ్గరి శబ్దమేదో అరువిచ్చి సర్దుకోవాలి. తీరా మామూలు మాటల వేగంలో గొంతు పూర్తిగా మూసుకోకుండా అచ్చు కాస్త గరగరలాడి ఊరుకుంటుంది. గరగర ఎక్కడ మొదలైందో చెప్పమంటే మనుషులే తలో చోట గీత పెడతారు. ఇది దూరదేశపు సమస్య మాత్రమే కాదు. అరకు వైపు మాట్లాడే కొండ భాషలోనూ ఇలాంటి శబ్దం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి ఆ భాష మీద 1969లోనే పుస్తకం వేశారు. ఆ రికార్డింగులకు తెలుగు మోడల్ అరువిచ్చినా, ఈ ఒక్క శబ్దం దగ్గర తెలుగుకూ ఇంగ్లీషుకూ తేడా ఉండదు.

ద్విత్వాలది వేరే తంటా. ‘అత్త’లో త్త అంటే నాలుక పళ్లకు ఆని, కాసేపు నిశ్శబ్దం, ఆపైన ఒక్క విడుదల. నిఘంటువులో త్, త్ అని రెండు రాస్తే ప్రోగ్రాము ఆ నిశ్శబ్దం మధ్యలో ఎక్కడో గీత గీస్తుంది. ఆ గీతకు అర్థం లేదు. ‘త్త’ అని ఒకే గుర్తుగా రాసుకోవడం మేలు.

తప్పు జరిగిందని పట్టుకునే తేలిక దారి ఒకటుంది. చాలా ప్రోగ్రాముల్లో ఒక్కో శబ్దానికి మొదలు, నడుమ, చివర అని మూడు దశలుంటాయి. దశకు కనీసం ఒక ముక్క ఇవ్వాలి కాబట్టి ఏ శబ్దమూ 30 మిల్లీసెకన్లకు తగ్గదు. నాలుక ఒక్కసారి తాకి వదిలే ‘ర’ నిజానికి అంతకంటే పొట్టిగా ఉండవచ్చు. అందుకే నిడివులన్నీ వరుసలో పెట్టి చూస్తే, చోటు దొరకని శబ్దాలు సరిగ్గా 30 దగ్గర గుంపు కట్టి కనిపిస్తాయి. వాటిని ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ధ్వని బొమ్మ చూస్తూ వినాలి. కొన్ని మాటలకు చేత్తో గీతలు పెట్టి, ప్రోగ్రాము గీత వాటికి ముందు పడిందా వెనక పడిందా అన్నది హల్లు రకాన్నిబట్టి విడివిడిగా లెక్కించాలి. అన్నీ కలిపి ఒక్క శాతం చెప్తే ఈ వాలు కనపడదు.

ఇప్పుడు మోడల్‌ను అరువు తెచ్చుకోవడమే దారి కాదు. 2017లో వచ్చిన మాంట్రియల్ ఫోర్స్‌డ్ అలైనర్‌కు మన రికార్డింగులు, నిఘంటువు ఇస్తే వాటి మీదే శిక్షణ పొందుతుంది:

```
mfa train rikardulu nighantuvu.txt model.zip
```

చేత్తో గీసిన గీత ఒక్కటీ అక్కర్లేదు. మొదట ప్రతి వాక్యాన్నీ శబ్దాలకు సమానంగా పంచేసి, దాని నుంచి మోడల్ కట్టి, ఆ మోడల్‌తో మళ్లీ పంచి, ఇలా చుట్లు తిరుగుతూ గీతలను సర్దుతుంది. పొడవాటి రికార్డింగును వాక్యాలుగా విడగొట్టకుండా ఇస్తే ఈ మొదటి పంపకమే దారి తప్పుతుంది. అరుదుగా వచ్చే శబ్దాలకు ఉదాహరణలు చాలక, వాటి గీతలు కుదురుకోవు.

సొంత శిక్షణతో ‘ప’ దగ్గరి వాలు తగ్గుతుంది. ‘మాయ’లో ఆ ముగిసి య మొదలయ్యే చోటు మాత్రం అప్పుడూ తేలదు, ఎందుకంటే నాలుక అక్కడ ఆగకుండా జారుతుంది. అందుకే అచ్చు గుణాన్ని కొలిచేవాళ్లు చాలామంది అంచుల జోలికి పోకుండా నడుమ బిందువు దగ్గర కొలుస్తారు. రెండు గీతలూ చెరో 10 మిల్లీసెకన్లు అటూ ఇటూ అయినా నడుమ కొలత పెద్దగా మారదు. నిడివి కొలవాల్సినవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. వాళ్లు అలాంటి మాటలను లెక్కలోంచి తీసేస్తారు, లేదా ఇద్దరు మనుషుల చేత విడివిడిగా గీతలు పెట్టించి, వాళ్ల మధ్య తేడా ఎంతో కూడా ఫలితంతో పాటు ప్రకటిస్తారు.