మత్తులో మెదడు ఆగిపోదు, దాని భాగాల మధ్య మాట తెగుతుంది

ఆపరేషన్ బల్ల మీద పడుకున్నవారితో మత్తు డాక్టరు "అంకెలు లెక్కపెట్టండి" అంటారు. చాలామంది ఇరవై, ముప్పై అంకెలలోపే ఆగిపోతారు. దీన్ని గాఢనిద్ర అనుకుంటాం. కాని నిద్రలో ఉన్నవారిని తట్టి లేపవచ్చు, ఇక్కడ కత్తి పడినా లేవరు.

అరవై కిలోల మనిషిని తీసుకుందాం. పాలలా తెల్లగా ఉండే ప్రొపోఫాల్ మందును కిలోకు 2 మిల్లీగ్రాముల లెక్కన 120 మిల్లీగ్రాములు, అంటే సుమారు 12 మిల్లీలీటర్లు నరానికి ఎక్కిస్తారు. అర నిమిషంలో అది మెదడుకు చేరుతుంది. మెదడులో గాబా అనే రసాయనం బ్రేకులా పనిచేస్తుంది. ప్రొపోఫాల్ ఆ బ్రేకును మరింత గట్టిగా పట్టేలా చేస్తుంది. మెదడు కాండం మీద కూడా ఆ ప్రభావం పడటంతో శ్వాస మందగిస్తుంది, ఆగిపోవచ్చు కూడా. అందుకే డాక్టరు ఆక్సిజన్ మాస్కు పట్టుకుని సిద్ధంగా ఉంటారు.

అయితే మెదడు కణాలన్నీ మూగబోవు. చెవిలో పడ్డ శబ్దం మెదడులోని వినికిడి భాగానికి కొంతవరకు చేరుతూనే ఉంటుంది. కాని ఈఈజీలో సెకనుకు ఒకటి కన్నా తక్కువగా వచ్చే పెద్ద, నెమ్మది అలలు కనిపిస్తాయి. ఒక్కో ప్రాంతంలోని కణాలు ఆ అలలో కొద్దిసేపే పలుకుతాయి. ఒక ప్రాంతం పలికే వేళకు మరొకటి మౌనంగా ఉంటుంది. ముందరి మెదడు నుంచి వెనక భాగాలకు వెళ్లే కబురు బలహీనపడుతుంది. శబ్దం చేరినా అది "నా పేరు" అన్న ఎరుకగా మారదు.

కెటమిన్ దారి వేరు. అది గాబా మీద కాక ప్రధానంగా ఎన్‌ఎండీఏ గ్రాహకాల మీద పనిచేస్తుంది. మెదడు అలలు చురుగ్గానే ఉంటాయి. అయినా ముందు నుంచి వెనక్కి వెళ్లే కబురు అక్కడా తగ్గినట్టు పరిశోధకులు చూశారు. స్పృహ పోవడానికి మెదడు చల్లబడటం కన్నా ఈ సంబంధం తెగడమే ముఖ్యమని చాలామంది భావించడానికి ఇదొక కారణం.

మరి మత్తు చాలకపోతే? కండరాలు సడలించే మందు ఇస్తే మెలకువ ఉన్నా వేలు కదపలేరు. అందుకే పరిశోధకులు ఆ మందు ఇచ్చే ముందే ఒక చేతికి బీపీ పట్టీ బిగించి మందు ఆ చేతికి చేరకుండా ఆపుతారు. తర్వాత "నా చేయి నొక్కండి" అంటారు. 2017లో ప్రచురించిన అధ్యయనంలో, శ్వాసగొట్టం వేశాక 260 మందిలో 12 మంది నొక్కారు. ఇలా నొక్కేవారిలో చాలామందికి తర్వాత అది గుర్తుండదు. గుర్తు లేనంత మాత్రాన ఆ క్షణంలో ఎరుక లేదని చెప్పలేం.

నాడి, బీపీ పెరగడం ఒక సూచనే తప్ప రుజువు కాదు. అందుకే చాలాచోట్ల నుదుటి మీద ఈఈజీ పట్టీ అంటించి చూస్తున్నారు. ఇంతకుముందు ఆపరేషన్‌లో మెలకువ వచ్చినట్టు మీకు అనిపించి ఉంటే, మత్తు డాక్టరుకు ముందే చెప్పండి.