నోటీస్ పీరియడ్‌లో లీవ్ పెడుతున్నారా? అప్రూవ్ అయింది కదా అని ఊరుకుంటే.. కొత్త ఉద్యోగానికి చిక్కే!

రాజీనామా లెటర్ ఇచ్చేశారు. నోటీస్ పీరియడ్ నడుస్తోంది. ఇంతలో ఇంట్లో పెళ్లో, ఊళ్లో జాతరో వచ్చింది. లీవ్ అడగొచ్చా? అడిగితే ఇస్తారా? శ్రీసిటీ, రేణిగుంట కంపెనీల్లో పనిచేస్తూ వేరే ఉద్యోగానికి మారే కుర్రాళ్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. అడగొచ్చు. కానీ లీవ్ దొరికిందా లేదా అన్నదానికంటే, ఆ లీవ్ వల్ల చివరి పనిదినం మారుతుందా అన్నదే అసలు విషయం.

రూల్ ఏం చెబుతోంది?

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌ల ప్రకారం, ఏడాదిలో 180 రోజులు పనిచేసిన కార్మికుడికి ప్రతి 20 పనిదినాలకు ఒక రోజు చొప్పున జీతంతో కూడిన సెలవు వస్తుంది. రాజీనామా చేసినంత మాత్రాన ఆ సెలవులు పోవు. వాడుకోకుండా మిగిలితే వాటికి డబ్బు ఇవ్వాలి.

అయితే సెలవు సంపాదించుకోవడం వేరు, ఫలానా రోజే కావాలనడం వేరు. ఏ రోజు ఇవ్వాలన్నది మేనేజ్‌మెంట్ పనిని బట్టి చూసుకుంటుంది. అలాగే "నాకు 12 లీవులున్నాయి, నోటీసులో 12 రోజులు తగ్గించుకోండి" అంటే కుదరాలని లేదు. అపాయింట్‌మెంట్ లెటర్‌లో అలా రాసి ఉండాలి, లేదా కంపెనీ ఒప్పుకోవాలి.

ఒక ఉదాహరణ చూద్దాం

రేణిగుంటలో ఒక ఆపరేటర్ ఏప్రిల్ 20న రాజీనామా ఇచ్చాడనుకుందాం. నోటీసు 30 రోజులు. అంటే చివరి రోజు మే 19. మే 21న శ్రీసిటీలో కొత్త కంపెనీలో చేరాలి. తిరుపతి గంగమ్మ జాతర కోసం మే 12 నుంచి 3 రోజులు లీవ్ అడిగాడు. ఖాతాలో 12 లీవులున్నాయి. రోజు వేతనం రూ.600.

కంపెనీ మూడు రకాలుగా స్పందించొచ్చు. మొదటిది, జీతంతో లీవ్ ఇచ్చి చివరి రోజును మే 19గానే ఉంచడం. అప్పుడు మిగిలిన 9 లీవులకు రూ.5,400 వస్తుంది. రెండోది, లాస్ ఆఫ్ పే. జీతంలో రూ.1,800 పోతుంది, కానీ 12 లీవులూ అలాగే ఉంటాయి కాబట్టి రూ.7,200 వస్తుంది. కోత కూడా అదే రేటులో వేస్తే రెండింట్లో చేతికొచ్చేది ఒకటే.

ఇబ్బంది మూడో దాంతోనే. లీవ్ ఇస్తారు, కానీ ఆ 3 రోజులు నోటీసుకు కలిపి చివరి రోజును మే 22కి జరుపుతారు. 21న కొత్త చోట చేరాల్సినవాడు ఇక్కడ 22 దాకా ఉండాలి. ఆగకుండా వెళ్లిపోతే తగ్గిన రోజులకు ఒప్పందం ప్రకారం డబ్బు కట్ చేస్తారు, రిలీవింగ్ లెటర్ కూడా ఆలస్యం కావొచ్చు.

దేనికి ఇస్తారు? దేనికి ఇవ్వరు?

డాక్టర్ సర్టిఫికెట్ ఉన్న జబ్బు, ఇంట్లో చావు, ముందే ఖరారైన పరీక్ష వంటి వాటికి ఒకటి రెండు రోజులు సాధారణంగా ఇస్తారు. వారం పైబడిన సెలవుకు, కొత్త మనిషికి పని అప్పజెప్పే రోజులకు, చివరి వారానికి ఎక్కువగా కాదంటారు. చివరి రోజు ఐడీ కార్డు, పనిముట్లు తిరిగిచ్చి నో డ్యూస్ సంతకాలు తీసుకోవాలి కాబట్టి ఆ రోజు మనిషి ఉండాల్సిందే అంటారు.

కాదన్నాక చెప్పాపెట్టకుండా మానేస్తే చిక్కు పెద్దదవుతుంది. రికార్డులో అబ్‌స్కాండింగ్ అని రాస్తే, కొత్త కంపెనీ వెరిఫికేషన్‌లో అది బయటపడుతుంది.

ఎలా అడగాలి?

సూపర్‌వైజర్ నోటిమాటగా "సరేలే" అంటే చాలదు. హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టాలి. ఏ తేదీల్లో లీవ్, ఏ ఖాతా నుంచి, ఆ రోజుల్లో పని ఎవరు చూస్తారు అన్నవి రాసి, చివర్లో "నా చివరి పనిదినం మే 19 మారదని తెలియజేయగలరు" అని అడగాలి. తేదీ మారుతుందని జవాబొస్తే, కొత్త కంపెనీని రెండు రోజులు గడువు అడగాలో, లీవ్ తగ్గించుకోవాలో అప్పుడే తేల్చుకోవచ్చు.

బయటికొచ్చాక రెండు పనిదినాల్లో బకాయి వేతనం చెల్లించాలని వేతన కోడ్ చెబుతోంది. పీఎఫ్‌లో నిష్క్రమణ తేదీని కంపెనీ వేయకపోతే, రెండు నెలల తర్వాత ఈపీఎఫ్‌ఓ పోర్టల్‌లో Mark Exit ద్వారా ఉద్యోగే వేసుకోవచ్చు. అక్కడ ఏ తేదీ వేయాలో తేల్చేది కూడా ఆ మెయిల్ జవాబే. కంపెనీ మెయిల్ ఐడీ మూసేసేలోపు దాన్ని ఫోన్‌లో దాచుకోవడం మరవొద్దు.