పక్కింటి పెద్దల పెళ్ళిరోజుకు తమిళంలో శుభాకాంక్షలు: మాట మారినా మర్యాద తగ్గకుండా రాయడం ఎలా?

తమిళనాడులో తరతరాలుగా ఉంటున్న మన ఇళ్లల్లో తమిళం రాని వారు అరుదు. అంగట్లో, ఆఫీసులో, బస్సులో మాట్లాడేది అదే. అయినా పక్కింటి పెద్దవారి పెళ్ళిరోజుకు నాలుగు వాక్యాలు తమిళంలో రాసి ఇవ్వాలంటే చెయ్యి ఆగుతుంది. మనసులో మాట తెలుగులో పుడుతుంది. దాన్ని పదానికి పదం మారిస్తే తమిళం తప్పు కాకపోవచ్చు, కానీ చదివిన వారికి ఎక్కడో ఒక మాట పంటి కింద రాయిలా తగులుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కోయంబత్తూరులో ఒక వీధి. పక్కింట్లో తమిళ దంపతులు, ఇద్దరికీ డెబ్బై దాటింది. వారి పెళ్ళయి 50 ఏళ్లు నిండాయి. ఇవతలి తెలుగింటి ఇల్లాలు స్వీటు డబ్బాతో పాటు ఒక కార్డు ఇవ్వాలనుకుని తెలుగులో ఇలా రాసుకుంది:

“పూజ్యులైన అయ్యగారికి, అమ్మగారికి నమస్కారాలు. మీ పెళ్ళయి 50 ఏళ్లు నిండిన ఈ శుభదినాన మా ఇంటిల్లిపాది తరఫున శుభాకాంక్షలు. చిలకాగోరింకల్లా మీరిద్దరూ ఆయురారోగ్య ఐశ్వర్యాలతో నిండు నూరేళ్లు చల్లగా ఉండాలని ఆ భగవంతుణ్ణి కోరుకుంటున్నాం. మీ ఆశీస్సులు మా మీద ఎప్పుడూ ఉండాలి. ప్రేమతో, మీ పక్కింటి వాళ్లం.”

తెలుగులో దీనికి వంక పెట్టడానికి లేదు. తమిళంలోకి తెచ్చేటప్పుడు ఒక్కొక్క మాట దగ్గర ఆగి చూడాలి. (తమిళ మాటలన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే ఇస్తున్నాం. ‘వాళ్త్తు’, ‘వాళ్గ’, ‘విళా’ వంటి మాటల్లోని ‘ళ’ను తమిళంలో నాలుక మడిచి పలుకుతారు, దానికి సరైన అక్షరం మన వాడుకలో లేదు.)

శుభాకాంక్షలు ఎవరు ఎవరికి చెప్పవచ్చు?

అన్నిటికన్నా ముఖ్యమైన తేడా ఇక్కడే ఉంది. తెలుగులో ‘శుభాకాంక్ష’ అంటే మంచి జరగాలన్న కోరిక. కోరడానికి వయసుతో పని లేదు. మనవడు కూడా తాతకు శుభాకాంక్షలు చెబుతాడు. తమిళంలో దీనికి వాడే మాట ‘వాళ్త్తు’. ‘వాళ్’ అంటే బతకడం, వర్ధిల్లడం. ‘వాళ్త్తు’ అంటే వర్ధిల్లమని దీవించడం. దేవుణ్ణి స్తుతించే చోట కూడా ఇదే మాట వస్తుంది కానీ, మనుషుల మధ్య దీనికి దీవెన వాసన పోలేదు. దీవెన పెద్దల నుంచి చిన్నలకు రావాలి.

అందుకే వయసులో పెద్దవారి శుభకార్యానికి రాసేటప్పుడు తమిళుల్లో ఒక వాడుక ఉంది: “వాళ్త్త వయదిల్లై, వణంగుగిఱోం.” మిమ్మల్ని దీవించేంత వయసు మాకు లేదు, నమస్కరిస్తున్నాం అని అర్థం. పెళ్ళి పత్రికల్లో, పోస్టర్లలో, స్టేజి మీద ఈ మాట వినే ఉంటారు. మన తెలుగు కార్డులో ‘పూజ్యులైన’, ‘నమస్కారాలు’, ‘మీ ఆశీస్సులు’ అని మూడు చోట్ల పరచిన మర్యాద అంతా ఈ ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది. ‘పూజ్యులైన’ అన్న మాటకు తమిళ పదం వెతుక్కోనక్కర్లేదు.

అలాగని పెద్దవారికి ‘నల్వాళ్త్తుగళ్’ అనడం తప్పేమీ కాదు. అచ్చు కార్డుల మీద ‘ఇనియ తిరుమణ నాళ్ నల్వాళ్త్తుగళ్’ అనే ఉంటుంది, అందరూ అందరికీ ఇస్తారు. కానీ చేత్తో రాసిన కార్డులో పెద్దవారు ఎదురు చూసేది వణక్కమే. ఒక కార్డులో రెండూ రాస్తే మాత్రం పొసగదు. దీవించే వయసు లేదని చెప్పి, మరుసటి వాక్యంలో దీవించినట్టవుతుంది.

వయసు సమానమైనా, మనకన్నా చిన్నవారైనా ఈ వాక్యం అక్కర్లేదు. సమానులకు ‘ఇనియ తిరుమణ నాళ్ నల్వాళ్త్తుగళ్’ సరిపోతుంది. చిన్నవారికి ‘పల్లాండు వాళ్గ’ అని నిండుగా దీవించవచ్చు. ‘పదినాఱుం పెఱ్ఱుప్ పెరువాళ్వు వాళ్గ’ అన్న దీవెన మాత్రం కొత్త దంపతులది. పదహారు భాగ్యాలు పొందండని దాని భావం. మనవళ్లను ఎత్తిన వారికి అది రాస్తే నవ్వుకుంటారు.

ఏ రోజు అనాలి?

‘పెళ్ళిరోజు’కు రాతలో ‘తిరుమణ నాళ్’, మాటలో ‘కల్యాణ నాళ్’. ‘వార్షికోత్సవం’ అన్న మన మాటను పట్టుకుని ‘ఆండు విళా’ అని రాస్తే బడిలో పిల్లలు నాటకాలు వేసే రోజు గుర్తుకు వస్తుంది. అంతకన్నా జాగ్రత్తగా ఉండాల్సింది ‘నినైవు నాళ్’ దగ్గర. ‘గుర్తు చేసుకునే రోజు’ అన్న అర్థంతో కొందరు ఈ మాట వాడతారు. తమిళ పేపర్లలో, గోడల మీద ‘నినైవు నాళ్’ అని ఫొటో కింద కనిపిస్తే అది పోయినవారి సంవత్సరీకం. డెబ్బై దాటిన వారి చేతిలో ఆ మాట పెట్టకూడదు.

50 ఏళ్లకు తెలుగులో స్వర్ణోత్సవం అన్నట్టే తమిళంలో ‘పొన్విళా’. 25 ఏళ్లకు ‘వెళ్ళి విళా’. ‘మణివిళా’ అన్నది మాత్రం సాధారణంగా మన షష్టిపూర్తికి వాడే మాట. ఇంటాయనకు అరవై నిండినప్పటి వేడుక అది. పెళ్ళయిన ఏళ్ల లెక్కతో దానికి సంబంధం లేదు.

చిలకాగోరింకలు, చల్లదనం

చిలకాగోరింకలు మనకు అన్యోన్య దంపతులు. ‘కిళియుం మైనావుం పోల’ అని మారిస్తే తమిళంలో అవి రెండు పక్షులు, అంతే. ఇలాంటి చోట పదాన్ని కాదు, ఆ స్థానంలో తమిళులు చెప్పుకునే పోలికను తేవాలి. ‘పూవుం మణముం పోల’ అంటారు. పువ్వూ తావీలా అని మనకూ ఉన్న పోలికే కాబట్టి మన మనసుకూ దూరం కాదు.

‘చల్లగా ఉండాలి’ అన్నదీ అంతే. ‘కుళిర్చియాగ’ అంటే ఏసీ గదో, వానాకాలమో తలపుకు వస్తుంది. మన ‘చల్లగా’లో ఉన్నది దైవం నీడ. దాన్ని తమిళం మరో దారిలో చెబుతుంది: ‘ఎల్లాం వల్ల ఇఱైవనై వేండుగిఱోం’, అన్నీ చేయగల దేవుణ్ణి వేడుకుంటున్నాం అని. ‘ఇఱైవన్’ ఏ ఒక్క మతానికీ చెందిన మాట కాదు. పక్కింటివారు హిందువులైనా, క్రైస్తవులైనా, ముస్లింలైనా ఇబ్బంది ఉండదు.

‘ఆయురారోగ్య ఐశ్వర్యాలు’ అన్న పొడుగు సమాసానికి తమిళంలో రెండు చిన్న మాటలు చాలు: ‘నలముం వళముం’. క్షేమమూ, సమృద్ధీ. ‘నిండు నూరేళ్లు’ బదులు ‘పల్లాండు’ అనడం మేలు. పల్లాండు అంటే పెక్కు ఏళ్లు, అందులో లెక్క లేదు. డెబ్బై అయిదేళ్ల వారికి నూరు అని చెబితే మిగిలింది ఎంతో వేలు మడిచి చూసుకునే వీలుంటుంది.

‘ప్రేమతో’ అని ముగించవచ్చా?

తెలుగులో ప్రేమ తల్లికీ, చెల్లికీ, స్నేహితురాలికీ, పొరుగువారికీ ఒకటే మాట. తమిళంలో రెండుగా చీలింది. వలపు ‘కాదల్’, ఆప్యాయత ‘అన్బు’. నిఘంటువులో ప్రేమ పక్కన ‘కాదల్’ కనబడితే అదే రాసేసే ప్రమాదం ఉంది. ‘కాదలుడన్, పక్కత్తు వీట్టుక్కారర్’ అని కార్డు వెళితే ఆ వీధి ఏడాది పాటు మరచిపోదు. రాయాల్సింది ‘అన్బుడన్’.

మీరు, తమరు

‘మీరు’కు ‘నీంగళ్’. దానికన్నా ఒక మెట్టు పైన ‘తాంగళ్’ ఉంది, మన ‘తమరు’ లాంటిది. మర్యాద ఎక్కువ కావాలని ‘తాంగళ్, తంగళ్’ పెడితే అర్జీలా, సన్మాన పత్రంలా అవుతుంది. రోజూ గోడ మీదుగా కరివేపాకు ఇచ్చి పుచ్చుకునే వారికి ‘నీంగళ్, ఉంగళ్’ చాలు. మర్యాదను వణక్కం మోస్తుంది, ఆప్యాయతను ‘నీంగళ్’ మోస్తుంది. ఏది ఎంచుకున్నా చివరిదాకా అదే ఉండాలి, మధ్యలో మారితే రెండు చేతులు రాసినట్టుంటుంది.

వరసల దగ్గరా ఒక చిన్న తేడా ఉంది. పక్కింటావిడను ‘వదినగారూ’ అని పిలవడం మనకు మామూలు. తమిళంలో ‘అణ్ణి’ అంటే అన్న భార్య. ఆమె భర్తను ‘అణ్ణా’ అని పిలిచే అలవాటుంటే తప్ప ఆ మాట అతకదు, ‘అక్కా’ అనాలి. మన ఉదాహరణలో ఇద్దరూ బాగా పెద్దవారు కాబట్టి ‘ఐయా, అమ్మా’ సరిపోతుంది.

కార్డు ఇలా తయారైంది

“అన్బుం మదిప్పుం మిగుంద ఐయావుక్కుం అమ్మావుక్కుం వణక్కం. ఉంగళ్ తిరుమణప్ పొన్విళా నాళిల్, వాళ్త్త వయదిన్ఱి వణంగుగిఱోం. పూవుం మణముం పోల నీంగళ్ ఇరువరుం నలముం వళముం పెఱ్ఱుప్ పల్లాండు వాళ ఎల్లాం వల్ల ఇఱైవనై వేండుగిఱోం. ఉంగళ్ ఆసి ఎంగళుక్కు ఎన్ఱుం వేండుం. అన్బుడన్, పక్కత్తు వీట్టుక్ కుడుంబత్తినర్.”

తెలుగు కార్డులోని భావం ఒక్కటీ పోలేదు. చిలకా గోరింకా ఎగిరిపోయి పువ్వూ తావీ వచ్చాయి. శుభాకాంక్షలు నమస్కారమయ్యాయి. మొదటి వాక్యంలోనే అన్బు, మదిప్పు పక్కపక్కన కూర్చున్నాయి.

రాసింది చదవకండి

తెలుగు ఉత్తరాన్ని గడపలో నిలబడి చదివినా పెద్దగా ఎబ్బెట్టు ఉండదు. తమిళంలో రాత వేరు, మాట వేరు. కార్డులో ఉన్నది ఉన్నట్టు గట్టిగా చదివితే మైకు ముందు నిలబడ్డట్టుంటుంది. మాటలో ఉన్నది కార్డులో రాస్తే చిన్నపిల్లల రాతలా ఉంటుంది. అందుకని కార్డు చేతికిచ్చి నోటితో ఇలా అంటే చాలు: “ఇన్నిక్కు ఉంగ కల్యాణ నాళ్. వాళ్త్త వయసిల్ల, వణంగుఱోం. ఎంగళ ఆసీర్వాదం పణ్ణుంగ.” అని నమస్కారం చేస్తే వారే తల మీద చెయ్యి పెడతారు.

లిపి విషయంలో ఇంట్లో పిల్లల సాయం తీసుకోవచ్చు. 2006 నాటి తమిళ బోధన చట్టం తరువాత బడిలో చేరిన పిల్లల్లో చాలామందికి తమిళ అక్షరాలు బాగా వచ్చు. మాట పెద్దలది, రాత పిల్లలది అనుకుంటే సరి. ‘నల్వాళ్త్తుగళ్’ రాయాల్సి వస్తే ‘క’కు ద్విత్వం లేకుండా రాయమనండి. ద్విత్వంతో రాసే వారూ చాలామంది ఉన్నా, వ్యాకరణం పట్టి చూసేవారు లేనిదే ఒప్పంటారు.

కార్డు ఇచ్చే ముందు ఒక తమిళ స్నేహితురాలికి చూపించండి. “తప్పులున్నాయా?” అని అడిగితే మొహమాటానికి లేవంటుంది. “ఇది ఎవరు ఎవరికి రాసినట్టుంది?” అని అడగండి. “పక్కింటి చిన్నవాళ్లు ఇష్టమైన పెద్దవాళ్లకు రాసినట్టుంది” అంటే కార్డు కవరులో పెట్టవచ్చు. “ఆఫీసు నుంచి వచ్చినట్టుంది” అంటే ‘తాంగళ్’ ఎక్కడో దూరిందన్నమాట. ఆమె నవ్వు ఆపుకుంటూ ఉంటే, చివరి వరసలో ‘అన్బుడన్’ ఉందో లేదో ముందు చూసుకోండి.