గీతల మధ్య ఖాళీని మాటల్లో చెప్పడం

స్త్రీ పురుషుల అక్షరాస్యత మీద 1951 నుంచి 2011 దాకా జనగణన లెక్కలతో ఒక గ్రాఫు గీశారనుకోండి. రెండు గీతలూ పైకే పోతుంటాయి. వాటి మధ్య ఖాళీ మొదట వెడల్పయి, తర్వాత ఇరుకవడం చూపున్నవారికి ఇట్టే తెలిసిపోతుంది. ఫోన్‌లో టాక్‌బ్యాక్‌తోనో, కంప్యూటర్‌లో ఎన్‌విడిఎతోనో వినే అంధ పాఠకుడికి మాత్రం ఆ బొమ్మకు మనం తగిలించిన ఆల్ట్ టెక్స్ట్ ఒక్కటే వినిపిస్తుంది.

చాలామంది అక్కడ ‘అక్షరాస్యత గ్రాఫు’ అని రాసి ఊరుకుంటారు. అది గది బయట పేరు రాసి తలుపు తాళం వేసినట్టు. ‘నీలం గీత పైన, ఎర్ర గీత కింద’ అన్నా ఒరిగేదేమీ లేదు. ఇంకొందరు పద్నాలుగు అంకెలూ కుక్కేస్తారు. ఆల్ట్ టెక్స్ట్‌ను స్క్రీన్ రీడర్ సాధారణంగా ఏకబిగిన చదువుతుంది. మధ్యలో ఆగి ఒక అంకెను మళ్లీ వినడం కష్టం.

రాసే ముందు తీసివేత చేసి చూడాలి. 1951లో పురుషులు 27.16 శాతం, స్త్రీలు 8.86. తేడా 18 పాయింట్లు. 1981లో 56.38, 29.76. తేడా 27కి చేరింది. 2011లో 82.14, 65.46. తేడా 17. అరవై ఏళ్లలో ఇద్దరి చదువూ అంత పెరిగినా, తేడా మాత్రం మొదలైన చోటికి కాస్త దిగువనే ఆగింది. ఈ గ్రాఫులో అసలు కబురు ఇదే. కాబట్టి ఆల్ట్ టెక్స్ట్ ఇలా ఉండొచ్చు:

‘గీతల గ్రాఫు. భారతదేశంలో స్త్రీ పురుషుల అక్షరాస్యతలో తేడా 1951లో 18 పాయింట్లు, 1981లో గరిష్ఠంగా 27, 2011లో 17. ఇద్దరి అక్షరాస్యతా పెరిగింది.’

‘ఇది ఒక చిత్రం’ అని మొదలుపెట్టక్కర్లేదు, ఆ మాట స్క్రీన్ రీడరే చెబుతుంది. తేడా ఎందుకు తగ్గిందో కూడా ఇక్కడ రాయకూడదు. గ్రాఫు ఆ సంగతి చెప్పడం లేదు.

బొమ్మ కింది వ్యాఖ్య అందరూ చదివేది. ఆల్ట్ టెక్స్ట్‌నే అందులో దించితే, వినేవారు ఒకే మాట రెండుసార్లు వినాలి. అందుకని మిగిలిన వివరం అక్కడ పెట్టాలి:

‘పురుషుల అక్షరాస్యత 27 నుంచి 82 శాతానికి, స్త్రీలది 9 నుంచి 65 శాతానికి చేరింది. 1971 వరకు లెక్కలు అయిదేళ్లు, ఆపైన వయసువారివి. 1981 నుంచి ఏడేళ్లు, ఆపైన వారివి. 2011వి తాత్కాలిక లెక్కలు. ఆధారం: జనగణన.’

ఈ వయసు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, దాన్ని వదిలేస్తే 1971కీ 1981కీ మధ్య పెరుగుదలను పాఠకుడు ఉన్నదానికన్నా గట్టిగా నమ్మేస్తాడు.

రాశాక గ్రాఫు చూడని ఒకరికి ఆల్ట్ టెక్స్ట్ వినిపించి, ఏం అర్థమైందో అడగండి. ‘చదువు పెరిగింది’ అని మాత్రమే అంటే, తేడా గురించిన వాక్యం వాళ్లకు అందలేదన్నమాట. దాన్ని ఇంకా తేలిక చేయాలి. పద్నాలుగు అంకెలూ కావాలనేవారికి కింద పట్టిక ఇవ్వండి. అదీ బొమ్మగా కాక, గడి గడికీ వెళ్లి వినగలిగే నిజమైన పట్టికగా ఉండాలి.